బ్లీచ్‌ను దేనితోనూ కలపొద్దని సీసా ముందువైపే రాయండి: ఒక బహిరంగ లేఖ

శుభ్రపరిచే ద్రవాలు తయారుచేసే కంపెనీల వారికి, పెద్ద భవనాల నిర్వహణ చూసే మేనేజర్లకు,

నమస్కారం.

నేను పదకొండేళ్లుగా హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. ఇదే విషయం మీద మా భవనం యాజమాన్యానికి రెండు ఉత్తరాలు రాశాను, మేం వాడే టాయిలెట్ క్లీనర్ కంపెనీకి ఒకటి రాశాను. యాజమాన్యం నుంచి జవాబే లేదు. కంపెనీ నుంచి మాత్రం "సీసా వెనుక సూచనలు ఉన్నాయి, చదవగలరు" అని ఒక్క వాక్యం వచ్చింది. ఆ వాక్యం చదివాకే అందరికీ కనపడేలా రాయాలనుకున్నాను.

ముందు జరిగింది చెబుతాను. ఉదయం షిఫ్ట్‌లో ఉన్న అమ్మాయి ఒక టాయిలెట్‌లో కమోడ్ అంచు కింద యాసిడ్ క్లీనర్ పోసింది. ఇరవై నిమిషాలు నాననిచ్చి తోమాలి. ఈలోపు పై అంతస్తులో పైపు లీకైందని పిలిస్తే వెళ్లింది. అక్కడి పని తెమలలేదు. షిఫ్ట్ మారింది. తర్వాత డ్యూటీకి వచ్చిన ఆవిడ, కమోడ్‌లో నీళ్లు కాస్త నీలంగా కనపడితే ఫ్లష్ రంగు అనుకుంది. తన పద్ధతి ప్రకారం బ్లీచ్ పోసింది. బుస్సుమని చిన్న చప్పుడుతో నురగ లేచింది. మందు బాగా పనిచేస్తోందనుకుని మోకాళ్ల మీద కూర్చుని ఇంకా గట్టిగా తోమింది. నిమిషం తిరక్కుండానే దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. నేను వరండాలోనే ఉన్నాను. "మేడమ్, ఊపిరి అందట్లేదు" అంది, అంతకు మించి మాట రాలేదు.

ఆరుబయట కూర్చోబెట్టాక అరగంటలో తేరుకుంది. ఇంటికి వెళ్లిపోతానంది. నేను వద్దని ఆసుపత్రికి పంపాను. ఆ రాత్రికి ఆయాసం మళ్లీ మొదలైంది, ఛాతీలో పిల్లికూతలు. రెండు రోజులు ఆక్సిజన్ మీద ఉంది. ఇద్దరూ తమకు నేర్పిన పనే సరిగ్గా చేశారు. ఇద్దరూ సీసా వెనుక సూచనలు చదివినా ఇదే జరిగేది, ఎందుకంటే ఒకరు పోసింది ఇంకొకరికి తెలియదు.

ఇక విషయం పాయింట్లవారీగా చెబుతాను.

1. ఆ రెండు సీసాల్లో ఏముంది

ఇళ్లలో వాడే బ్లీచ్ అంటే నీటిలో కలిపిన సోడియం హైపోక్లోరైట్. సాధారణంగా 3 నుంచి 8 శాతం దాకా ఉంటుంది. క్లోరిన్ వాయువును కాస్టిక్ సోడా ద్రావణంలోకి పంపి దీన్ని తయారుచేస్తారు. అంటే ఒక విష వాయువును క్షారంలో కట్టిపడేసి సీసాలో పోస్తున్నామన్నమాట. క్షారం ఉన్నంతసేపూ, అంటే పీహెచ్ 11 నుంచి 13 మధ్య ఉన్నంతసేపూ, అది కట్టుబడి ఉంటుంది. యాసిడ్ తగిలితే ఆ కట్టు తెగిపోతుంది. తయారీలో జరిగినది వెనక్కి నడిచి, లోపలికి పంపిన క్లోరిన్ మళ్లీ బయటికి వస్తుంది.

చాలా టాయిలెట్ క్లీనర్లలో హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉంటుంది, పది శాతం దాకా కూడా ఉండొచ్చు. నీటి మరకలు, తుప్పు మరకలు పోగొట్టే ద్రవాల్లో సల్ఫామిక్, సిట్రిక్, ఫాస్ఫారిక్ లాంటి యాసిడ్లు ఉంటాయి. వెనిగర్ కూడా యాసిడే. అది తేలికపాటిది కాబట్టి ఫర్వాలేదని చాలామంది అనుకుంటారు. బ్లీచ్‌లో క్షారాన్ని విరగ్గొట్టడానికి అది చాలు. బ్లీచింగ్ పౌడర్‌లో ఉండేది కాల్షియం హైపోక్లోరైట్. పొడి అయినా, ద్రవం అయినా ఇదే సంగతి.

రెండూ కలిపితే రెట్టింపు శుభ్రం అవుతుందన్న నమ్మకం మా పనివాళ్లలో బలంగా ఉంది. నిజానికి బ్లీచ్‌లోని మందు గాలిలోకి పోతుంది, యాసిడ్ ఆ చర్యలో ఖర్చయిపోతుంది. మరకలు తీయడానికీ, క్రిములను చంపడానికీ మిగిలేది తక్కువ. ఘాటు ఎక్కువైతే పని ఎక్కువ అవుతోందని కాదు.

2. చిన్న గదిలో ఎంత వాయువు

ఇది నేను కాగితం మీద లెక్క వేసి చూసుకున్నాను. 4 శాతం బ్లీచ్ 100 మిల్లీలీటర్లు, అంటే ఒక చిన్న గ్లాసులో సగం, అనుకోండి. అందులో దాదాపు 4 గ్రాముల హైపోక్లోరైట్ ఉంటుంది. దాన్ని పూర్తిగా విరగ్గొట్టడానికి 10 శాతం యాసిడ్ క్లీనర్ 40 మిల్లీలీటర్లు సరిపోతుంది. దాంట్లోంచి సుమారు లీటరుంబావు క్లోరిన్ వాయువు పుడుతుంది. రెండు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తున్న టాయిలెట్‌లో అదంతా కలిస్తే, పది లక్షల పాళ్ల గాలిలో దాదాపు 170 పాళ్లు అవుతుంది.

అంతా ఒక్కసారే గాలిలోకి రాదు. కొంత నీటిలోనే ఉండిపోతుంది, కొంత తలుపు సందుల్లోంచి పోతుంది. పదో వంతే వచ్చిందనుకుందాం. అయినా 17 పాళ్లు. క్లోరిన్‌కు 10 పాళ్లను తక్షణ ప్రాణాపాయ స్థాయిగా అమెరికాలోని కార్మిక ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ నిర్ణయించింది. ఒకటి రెండు పాళ్లకే కళ్లూ గొంతూ మండుతాయి.

ఇంకో సంగతి. క్లోరిన్ గాలి కంటే రెండున్నర రెట్లు బరువు. పుట్టినచోటే కిందికి చేరి నిలుస్తుంది. నిలబడి ఉన్న మనిషి కంటే, కమోడ్ పక్కన వంగి తోముతున్న మనిషి ముఖానికే మొదట తగులుతుంది. ఒక గదికి లెక్కకట్టిన సగటు కంటే ఆవిడ పీల్చింది చాలా ఎక్కువే అయుండాలి.

లోపలికి వెళ్లాక అది ఊపిరితిత్తుల తడిలో కరిగి అక్కడే యాసిడ్‌గా మారుతుంది. ఆ లోపలి పొర వాచి, నీరు చేరడానికి గంటలు పట్టొచ్చు. అందుకే తేరుకున్నట్టు కనపడిన మనిషి రాత్రికి మళ్లీ ఆయాసపడుతుంది. "తగ్గిపోయింది కదా" అని ఇంటికి పంపేయడం ప్రమాదం అన్నది దీనివల్లే.

3. అమ్మోనియాతో

కొన్ని గ్లాస్ క్లీనర్లలో, కొన్ని నేల క్లీనర్లలో అమ్మోనియా ఉంటుంది. బ్లీచ్ అమ్మోనియాతో కలిస్తే క్లోరమైన్లు అనే వాయువులు పుడతాయి. కళ్లు నీళ్లు కారడం, దగ్గు, ఛాతీ పట్టేయడం అన్నీ క్లోరిన్ తరహాలోనే ఉంటాయి. ఈత కొలనుల దగ్గర వచ్చే ఘాటు వాసన క్లోరిన్‌ది అనుకుంటాం గానీ, ఎక్కువగా క్లోరమైన్లదే.

లేబుల్ మీద ఎక్కడా కనపడని అమ్మోనియా ఇంకొకటుంది, అది మూత్రం. నిల్వ ఉన్న మూత్రంలోని యూరియాను బ్యాక్టీరియా అమ్మోనియాగా మారుస్తుంది. సరిగా ఫ్లష్ కాని యూరినల్, చంటిపిల్లల తడి గుడ్డలు వేసే బకెట్, పెంపుడు పిల్లి ఇసుక పెట్టె, వీటి మీద నేరుగా బ్లీచ్ పోస్తే ఇదే జరుగుతుంది. ముందు నీళ్లతో కడిగేయాలి, తర్వాతే బ్లీచ్.

4. ఎవరూ కావాలని కలపరు

మీరు లేబుల్ మీద "కలపకూడదు" అని రాస్తున్నారు. మంచిదే. కానీ బకెట్‌లో రెండు సీసాలూ వంచి కలిపేవాళ్లు కొందరే. చాలాసార్లు ప్రమాదం మిగిలిపోయిన దానివల్ల వస్తుంది. తోమకుండా వదిలేసిన కమోడ్, పిండకుండా వదిలిన మాప్, సగం ఖాళీ అయిన స్ప్రే సీసాలో కొత్త ద్రవం నింపడం, ముందు పోసిన డ్రెయిన్ క్లీనర్ ఇంకా నిలిచి ఉన్న పైపు.

2019 నవంబర్‌లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఒక రెస్టారెంట్ వంటగదిలో జరిగింది ఇదే. యాసిడ్ క్లీనర్ నేల మీద ఒలికింది. తర్వాత ఇంకొకరు నేల శుభ్రం చేద్దామని బ్లీచ్ జాతి క్లీనర్ పోశారు. నేల మీది ద్రవం ఆకుపచ్చగా మారి బుడగలు వచ్చాయి. మేనేజర్ ఆ ద్రవాన్ని బయటికి నెట్టేయాలని ప్రయత్నించి, ఆ వాయువు పీల్చి చనిపోయారు. ఇంకా పది మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. మొదటి మనిషి ఒలికిన దాన్ని నీళ్లతో బాగా కడిగేసి ఉంటే రెండో మనిషి చేసింది మామూలు పనే. ఆ మేనేజర్ కూడా తోటివాళ్లను కాపాడబోయి వాయువులోకి వెళ్లారు. ఇక్కడే అందరం నేర్చుకోవాల్సింది ఉంది, దాన్ని వచ్చే పాయింట్‌లో చెబుతాను.

5. ఘాటు వచ్చిన క్షణంలో

పోసిన వెంటనే బుస్సుమన్నా, నురగ లేచినా, ముక్కుకు గుచ్చే ఘాటు వచ్చినా, ఉన్నది ఉన్నట్టు వదిలేసి బయటికి రావాలి. ఫ్లష్ నొక్కుదాం, నీళ్లు పోద్దాం, తుడిచేద్దాం అని ఆగకూడదు. దాన్ని "విరగ్గొట్టడానికి" ఇంకేదో పోయడం అసలే వద్దు. వాసన తగ్గిందనిపించినా నమ్మకండి, ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోతుంది.

తలుపు మూసి, ఫ్యాన్ స్విచ్ బయటుంటే వేసి, మిగతావాళ్లను ఆ చోటు నుంచి దూరంగా, ఆరుబయటికి తీసుకెళ్లాలి. బరువైన వాయువు కాబట్టి కింది మెట్లకూ, సెల్లార్‌కూ వెళ్లొద్దు. కళ్లలో మంట ఉంటే మామూలు నీళ్లతో పదిహేను నిమిషాల పాటు కడగాలి. బట్టల మీద ద్రవం పడితే విప్పేయాలి. ఆయాసం, ఛాతీ నొప్పి, ఆగని దగ్గు ఉంటే వెంటనే అంబులెన్స్‌ను పిలవాలి. ఆస్తమా ఉన్నవాళ్లు, పిల్లలు, వృద్ధులు అయితే లక్షణాలు తక్కువగా ఉన్నా డాక్టర్‌కు చూపించాలి. ఏయే సీసాలు వాడారో ఫోన్‌లో ఫోటో తీసి ఉంటే చూపించండి, ఫోటో కోసం మాత్రం మళ్లీ లోపలికి వెళ్లకండి. ఒక రోజంతా ఆ మనిషి ఒంటరిగా ఉండకూడదు.

6. మరి ఎలా వాడాలి

బ్లీచ్‌ను కలపదగినది ఒక్కటే, చల్లటి మామూలు నీళ్లు. వేడినీళ్లలో అది త్వరగా విరిగిపోతుంది, ఘాటు ఆవిరి కూడా ఎక్కువ. గచ్చు, గట్లు లాంటి వాటిని క్రిములు లేకుండా చేయడానికి 0.1 శాతం ద్రావణం చాలు. 4 శాతం బ్లీచ్ అయితే 25 మిల్లీలీటర్లకు నీళ్లు చేర్చి లీటరు చేస్తే సరిగ్గా అంతే వస్తుంది. ఏ రోజుకారోజు కలుపుకోవాలి, మర్నాటికి బలం తగ్గిపోతుంది. మీ సీసా మీద శాతం వేరైతే లెక్క కూడా మారుతుంది.

రెండు ద్రవాలు వాడాల్సి వస్తే కలపకుండా ఒకదాని తర్వాత ఒకటి వాడొచ్చు. మధ్యలో నీళ్లు ఉండాలి. ముందు సబ్బు నీళ్లతో మురికి తీసేయండి, నీళ్లతో కడగండి, ఆ తర్వాత బ్లీచ్ నీళ్లు పట్టించి పది నిమిషాలు తడిగా ఉంచండి. ఈ వరుసలో లాభం కూడా ఉంది. మురికి ఉంటే బ్లీచ్ ఆ మురికి మీదే ఖర్చయిపోతుంది, క్రిముల దాకా చేరదు. సబ్బు అని నేనన్నది యాసిడ్ గానీ అమ్మోనియా గానీ లేని మామూలు డిటర్జెంట్‌ను.

కమోడ్‌లో గట్టి మరకలకు యాసిడ్ వాడిన రోజున బ్లీచ్ జోలికి వెళ్లకండి. యాసిడ్ పోసి, తోమి, ఫ్లష్ చేసి, అంచు కింద ఒక బకెట్ నీళ్లు తిప్పి పోసి, మళ్లీ ఫ్లష్ చేయండి. బ్రష్‌నూ, బ్రష్ పెట్టే డబ్బానూ కూడా కడగండి. ఆ డబ్బా అడుగున నిలిచిన యాసిడ్‌ను మేం ఎన్నోసార్లు మర్చిపోయాం. బ్లీచ్ కావాలంటే మర్నాడు. పూడుకుపోయిన పైపులో అయితే ఏదీ పోయొద్దు. అక్కడ నీళ్లు కదలవు, కడిగామన్న మాటకు అర్థం ఉండదు. ఇంతకుముందు అందులో ఏం పోశారో తెలియకపోతే ప్లంబర్‌ను పిలవాలి.

ఇవీ నా అభ్యర్థనలు. మొదటి మూడు తయారీదారులకు, చివరి రెండూ మేనేజర్లకు.

1. బ్లీచ్ సీసా, యాసిడ్ క్లీనర్ సీసా, రెండింటి మీదా ముందువైపు, పేరు ఉన్నంత పెద్ద అక్షరాలతో "దేనితోనూ కలపొద్దు, ప్రమాదకరమైన వాయువు వస్తుంది" అని రాయండి. జపాన్‌లో 1987లో యాసిడ్ క్లీనర్, బ్లీచ్ కలిసి ఒక గృహిణి చనిపోయాక, "కలిపితే ప్రమాదం" అన్న మాట సీసాల ముందువైపుకే వచ్చింది. యూరోపియన్ యూనియన్‌లో ఒక శాతానికి మించి క్రియాశీల క్లోరిన్ ఉన్న ద్రవాన్ని జనానికి అమ్మితే, ఇతర ఉత్పత్తులతో వాడొద్దని, క్లోరిన్ వాయువు రావచ్చని లేబుల్ మీద రాయాలన్న నిబంధనే ఉంది. అక్కడ వీలైంది అన్నిచోట్లా వీలవుతుంది. అమ్మే చోటి భాషలో రాయండి. చదవలేనివాళ్ల కోసం రెండు సీసాల మధ్య అడ్డగీత ఉన్న బొమ్మ వేయండి.

2. యాసిడ్ క్లీనర్‌కూ బ్లీచ్‌కూ ఒకే ఆకారం సీసా, ఒకే రంగు మూత వాడకండి. పని హడావుడిలో చెయ్యి అందుకునేది ఆకారాన్ని బట్టే.

3. యాసిడ్ ఉందో, అమ్మోనియా ఉందో, క్లోరిన్ ఉందో పెద్ద అక్షరాల్లో చెప్పండి. "శక్తిమంతమైన ఫార్ములా" అని చదివితే మాకు తెలిసేది ఏమీ లేదు.

4. పెద్ద క్యాన్ల నుంచి లేబుల్ లేని సీసాల్లోకి ద్రవాలు పోసివ్వడం ఆపండి. ఒక సీసా ఒకే ద్రవానికి. బ్లీచ్‌కూ యాసిడ్‌కూ వేర్వేరు బకెట్లు, మాపులు, వేర్వేరు అరలు ఇవ్వండి. టాయిలెట్లలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ స్విచ్ బయట ఉండేలా చూడండి.

5. ప్రతి టాయిలెట్ తలుపుకు ఒక కార్డు తగిలించనివ్వండి. అందులో ఏ ద్రవం పోశారు, ఎన్నింటికి పోశారు, కడిగేశారా లేదా అన్న మూడు గడులు చాలు. షిఫ్ట్ మారేటప్పుడు అప్పగింతకు ఐదు నిమిషాలు ఇవ్వండి, ఆ ఐదు నిమిషాలకూ జీతం ఇవ్వండి. యాసిడ్ పోసి ఉన్న టాయిలెట్ నుంచి మనిషిని ఇంకో పనికి పిలవకండి. పిలవక తప్పకపోతే, ముందు ఫ్లష్ చేసి రమ్మనండి.

కార్డు నమూనా నేనే గీసి, మూడు వారాలుగా నా అంతస్తులో వాడుతున్నాను. కావాలన్నవాళ్లకు పంపుతాను. ఆసుపత్రి నుంచి వచ్చిన ఆవిడ మళ్లీ పనిలో చేరింది. మెట్లెక్కితే ఇంకా ఆయాసం వస్తోందంటోంది. తలుపు దగ్గర ఆగి, కార్డు చూశాకే లోపలికి వెళ్తోంది. మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
ఒక హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్